కార్యదర్శి గారు బోర్డు మీద రాసిన లెక్క

పోయిన ఆదివారం మన సంఘం హాల్లో వర్తక సంఘం కార్యదర్శి గారు వచ్చి మాట్లాడారు. విషయం: జీఎస్టీ నోటీసులు, వాటికి గడువులోగా జవాబు, అంగడి లెక్కలు. రానివాళ్ళే ఎక్కువ. వచ్చినవాళ్ళలో కూడా సగంమంది వంటింటి వైపు నుంచి పులిహోర తాళింపు వాసన రాగానే మెల్లగా లేచారు. అందుకని ఆయన చెప్పినదీ, దాని మీద మేము కొందరం తర్వాత కూర్చుని అనుకున్నదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాం. పొడుగైనా ఓపికగా చదవండి. మీ ఇంట్లో అంగడి లేకపోయినా మీ బావగారిదో, మేనమామదో ఉండే ఉంటుంది.

ముందుగా ఒక మాట. శాలువాలు కప్పడానికి గంటన్నర పట్టింది, ఆయన మాటకు మిగిలింది ఇరవై ఐదు నిమిషాలు. వచ్చే సభకు ఈ వరస తిరగేస్తే బాగుంటుందని కమిటీ పెద్దలకు మా మనవి.

ఆయన 2025 జులైలో మన కర్ణాటకలో జరిగినదానితో మొదలుపెట్టారు. అందరికీ గుర్తుండే ఉంటుంది. రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తెప్పించుకుని, 2021-22 నుంచి నాలుగేళ్ళలో హద్దు దాటి డబ్బు వచ్చిన ఖాతాలను ఏరి చిన్న అంగళ్ళకు నోటీసులు పంపింది. బేకరీలు, కాండిమెంట్స్ అంగళ్ళు, పాల బూతులు, కూరగాయల బండ్లవాళ్ళు కూడా అందులో ఉన్నారు. బెంగళూరులో చాలాచోట్ల క్యూఆర్ కోడ్ చింపేసి ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని అట్టముక్కలు వేలాడదీశారు. వర్తకులు జులై 25న బంద్ అన్నారు. రెండు రోజుల ముందు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. పాలు, కూరగాయల లాంటి పన్ను లేని సరుకు అమ్మేవాళ్ళ జోలికి రాబోమని, మిగతావాళ్ళు రిజిస్ట్రేషన్ చేసుకుంటే పాత బాకీ అడగబోమని హామీ ఇచ్చాక అది చల్లబడింది.

చల్లబడిందనే మాట దగ్గరే కార్యదర్శి గారు ఆగారు. ‘అది ఒకసారి దొరికిన సర్దుబాటు. ప్రతిసారీ బంద్ చేసి బయటపడలేం. లెక్క చూపించి బయటపడడం నేర్చుకోవాలి’ అన్నారు. ఆ మాట మాకు నచ్చింది. తర్వాత ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పేరూ ఊరూ లేని ఒక అంగడి లెక్క రాశారు. సభ మొత్తానికి ఆ లెక్కే గుండెకాయ. అందుకని దాన్ని పూర్తిగా ఎక్కిస్తున్నాం.

ఒక వీధి మూల అంగడి అనుకోండి. పొద్దున్నే పాల ప్యాకెట్లు, తర్వాత కూరగాయలు, కొబ్బరికాయలు, గోతాల్లోంచి తూచి ఇచ్చే బియ్యం, పప్పులు. వీటితో పాటు బిస్కెట్లు, సబ్బులు, నూనె ప్యాకెట్లు, షాంపూలు. జీఎస్టీ నంబరు లేదు. 2023-24లో ఆయన ఖాతాకు యూపీఐ ద్వారా వచ్చింది 61 లక్షల 40 వేలు. నోటీసులో ఆ అంకె మొత్తాన్నీ అమ్మకం కింద చూపి, దాని మీద పన్ను ఎందుకు కట్టకూడదో చెప్పమని అడిగారనుకుందాం. 18 శాతం వేస్తే 11 లక్షల 5 వేల 200 రూపాయలు అవుతుంది. ఆ కాగితం చూసినవాడికి కాళ్ళు చల్లబడక ఏమవుతాయి?

ఇప్పుడు ఆ 61 లక్షల 40 వేలు విప్పి చూద్దాం. అందులో బావమరిది తిరిగి ఇచ్చిన చేబదులు 3 లక్షలు. పాడుకున్న చీటీ డబ్బు నాలుగున్నర లక్షలు. కొడుకు జీతంలోంచి ఇంటికి పంపింది లక్షా 20 వేలు. ఇక నాలుగోది మన అంగళ్ళన్నిటిలో జరిగేదే. ఎవరో వచ్చి ‘అన్నా, రెండు వేలు ఫోన్‌పే చేస్తాను, క్యాష్ ఇవ్వు’ అంటారు, మనం గల్లా పెట్టెలోంచి తీసి ఇస్తాం. అలా వచ్చింది ఏడాదికి లక్షా 70 వేలు. ఈ నాలుగూ కలిపితే 10 లక్షల 40 వేలు. ఇందులో ఒక్క రూపాయి కూడా అమ్మకం కాదు. అది తీసేస్తే యూపీఐ అమ్మకం 51 లక్షలు.

ఆ 51 లక్షల్లో పాలు 19 లక్షలు, కూరగాయలూ కొబ్బరికాయలూ తూచి అమ్మిన బియ్యం పప్పులూ కలిపి 11 లక్షలు. అంటే 30 లక్షలు పన్ను లేని సరుకు. మిగిలిన 21 లక్షలు పన్ను పడే సరుకు.

ఇక్కడ సభలో ఒకాయన లేచి ‘అయితే పన్ను సరుకు 21 లక్షలే కదా, 40 లక్షల హద్దు లోపలే ఉన్నాడు కదా, ఇక ఆయనకు జీఎస్టీ ఎందుకు?’ అని అడిగారు. మంచి ప్రశ్న, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. రిజిస్ట్రేషన్ హద్దు చూసేటప్పుడు పన్ను లేని సరుకు అమ్మకం కూడా కలుపుతారు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కోటి అమ్మినా అక్కర్లేదు. కానీ పాల పక్కన ఒక్క సబ్బు పెట్టాడా, అప్పుడు పాల అమ్మకం కూడా హద్దు లెక్కలోకి వస్తుంది. పన్ను మాత్రం సబ్బు మీదే పడుతుంది, పాల మీద పడదు. హద్దు వేరు, పన్ను వేరు. ఈ రెండూ కలిపేసుకుని కొందరు అనవసరంగా భయపడుతున్నారు, కొందరు అనవసరంగా ధైర్యంగా ఉన్నారు.

ఇంకో సంగతి, యూపీఐలో కనబడని నగదు అమ్మకం. ఆయనది ఏడాదికి 9 లక్షలు, అందులో పన్ను సరుకు 4 లక్షలు అనుకున్నారు. అది కూడా కలపాలి. మొత్తం అమ్మకం 60 లక్షలు. హద్దు దాటింది, రిజిస్ట్రేషన్ తప్పదు. పన్ను పడే సరుకు 25 లక్షలు. రేట్లు కలగలిసి సగటున 12 శాతం అనుకుంటే పన్ను 3 లక్షలు. 11 లక్షలు ఎక్కడ, 3 లక్షలు ఎక్కడ! ఈ తేడా జవాబు రాసినవాడికే దక్కుతుంది. ఊరుకున్నవాడికి నోటీసులో ఉన్న అంకే ఆర్డర్‌లోకి ఎక్కుతుంది, దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, జరిమానా.

ఆయన సుద్దముక్క పెట్టేసే ముందు ఇంకో గీత గీశారు. ఇదే మనిషి హద్దు దాటేటప్పుడే రిజిస్టర్ చేసుకుని కాంపోజిషన్ స్కీములో చేరి ఉంటే? ఏడాదికి కోటిన్నర దాకా అమ్మే అంగడివాళ్ళకు అది తెరిచే ఉంది. పన్ను పడే అమ్మకం మీద 1 శాతం. అంటే 25 లక్షలకు 25 వేలు. మూడు నెలలకొకసారి కట్టడం, ఏడాదికి ఒక రిటర్ను. కొనేవాళ్ళ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. వీధి మూల అంగడికి ఈ రెండూ అడ్డే కావు. 25 వేలతో పోయేది 3 లక్షలయింది, ఆ 3 లక్షలు జవాబు లేక 11 లక్షలయింది. ఆ మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాశాక హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక నిరూపణ సంగతి. ‘పాలు 19 లక్షలు అమ్మాను’ అని మనం అంటే ఆఫీసరు ఎందుకు నమ్మాలి? యూపీఐ చీటీ మీద పాలు అనో సబ్బు అనో ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. అమ్మకానికి సాక్ష్యం లేనప్పుడు కొనుగోలే సాక్ష్యం. పాల డీలరు నెలనెలా ఇచ్చే బిల్లుల మొత్తం 18 లక్షల 30 వేలుంటే, 19 లక్షలకు అమ్మానన్న మాట నిలబడుతుంది. ఆ బిల్లు పోయినా డీలరు దగ్గర నకలు దొరుకుతుంది. చేబదులు సంగతికి బావమరిది ఖాతా స్టేట్‌మెంటులో ఆ డబ్బు ముందు ఇటునుంచి అటు వెళ్ళిన తేదీ చూపాలి. చీటీకి చీటీ కంపెనీ పాస్‌బుక్కు. పాపం, గల్లాలోంచి నగదు ఇచ్చిన లక్షా 70 వేలకు మాత్రం ఏ కాగితమూ ఉండదు. రోజువారీ పుస్తకంలో ‘క్యాష్ ఇచ్చింది 2,000’ అని ఒక్క ముక్క రాసుకుని ఉంటేనే అది నిలుస్తుంది.

అన్నిటికన్నా కష్టం కూరగాయలది. మార్కెట్లో తెల్లవారుజామున కొన్న బుట్టకు బిల్లు ఎవరిస్తారు? కార్యదర్శి గారి లెక్కలో ఆ మనిషి ఆగస్టు నుంచి ఒక నోటుబుక్కులో రోజూ ఎంతకు కొన్నాడో రాసుకున్నాడు, ఏప్రిల్ నుంచి జులై దాకా ఏమీ లేదు. అలాంటప్పుడు ఏం చేయాలి? రాసిన ఎనిమిది నెలల సగటు తీసి, రాయని నాలుగు నెలలకు అదే లెక్క వేసి, ‘ఇది అంచనా, ఇందుకు ఆధారం ఈ ఎనిమిది నెలల పుస్తకం’ అని జవాబులో స్పష్టంగా రాయాలి. ఆఫీసరు ఒప్పుకోవచ్చు, తగ్గించి ఒప్పుకోవచ్చు. కానీ ఆ నాలుగు నెలలకు ఇప్పుడు కూర్చుని కొత్త పెన్నుతో ఒకే చేతిరాతలో పాత పుస్తకం తయారుచేస్తే మొత్తానికే మోసం వస్తుంది. అలాంటి పుస్తకాన్ని ఆఫీసర్లు పేజీ తిప్పగానే కనిపెడతారు. తర్వాత నిజమైన ఎనిమిది నెలలను కూడా నమ్మరు. పైగా దాచడం, మోసం అనే ఆరోపణ మీదికి వచ్చిందంటే జరిమానా 10 శాతంతో పోదు, పన్నుకు పన్నంత దాకా వెళ్తుంది.

ఇక్కడ మాకు కార్యదర్శి గారి మీద చిన్న ఫిర్యాదుంది. ఆయన తప్పంతా అంగడివాళ్ళదే అన్నట్టు మాట్లాడారు. ఖాతాలోకి వచ్చిన ప్రతి రూపాయినీ అమ్మకంగా చూపి నోటీసు పంపడం కూడా సరైన పని కాదు. యూపీఐలో వచ్చింది వసూలు, వ్యాపారం కాదు. పాల బూతుకూ పాన్ అంగడికీ ఒకే లెక్క వేసి లక్షలు అడిగితే మనిషి ఏమనుకుంటాడు? నోటీసుతో పాటే ‘ఇందులో పన్ను లేని సరుకు, సొంత డబ్బు ఉంటే ఈ కాగితంలో విడదీసి చూపండి’ అని ఒక నమూనా పేజీ కన్నడంలో జతచేసి ఉంటే సగం గొడవ జరిగేదే కాదు. వర్తక సంఘాలు అధికారులను కలిసినప్పుడు ఇది అడగాలని మా అభిప్రాయం.

అలాగని ‘ఓన్లీ క్యాష్’ అట్టను మేము సమర్థించం. హద్దు యూపీఐకి కాదు, అమ్మకానికి. నగదులో అమ్మినా అమ్మకమే. పైగా యూపీఐ ఆపేసినవాడి దగ్గర రేపు అమ్మకం ఎంతో చెప్పడానికి బ్యాంకు కాగితం కూడా ఉండదు, డీలర్ల బిల్లులు మాత్రం వాళ్ళ రిటర్నుల్లో కూర్చుని ఉంటాయి. గిరాకీ పోయింది, సాక్ష్యం కూడా పోయింది.

వేరే ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. 40 లక్షల హద్దు అన్ని చోట్లా లేదు. సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలో 40 లక్షలు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ 20 లక్షలే. ఏరు దాటితే ఆంధ్రలో 40. ఒకే కుటుంబంలో అన్న యానాంలో, తమ్ముడు అవతలి ఒడ్డున అంగడి పెట్టుకుని ఒకే లెక్క అనుకుంటే అన్నకు చిక్కే. భివండీ, సోలాపూర్ వైపు మగ్గాల మీద వేరేవాళ్ళ నూలుకు కూలిపని చేసి ఇచ్చేవాళ్ళది సరుకు అమ్మకం కాదు, జాబ్ వర్క్ అంటే సేవ. సేవకు హద్దు 20 లక్షలే.

ఇప్పటిదాకా చెప్పింది జీఎస్టీ నంబరు లేనివాళ్ళ సంగతి. నంబరున్నవాళ్ళకు ఇంకో రకం ప్రమాదముంది, అది చప్పుడు చేయకుండా వస్తుంది. కార్యదర్శి గారు చెప్పిన రెండో ఉదాహరణ ఒక హార్డ్‌వేర్ అంగడిది. రిటర్నులన్నీ వేస్తున్నాడు, పన్ను కడుతున్నాడు. ఒక రోజు డీలరుకిచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. బ్యాంకుకు వెళితే ఖాతా పన్నుల శాఖ ఆపించిందన్నారు. ‘నాకు ఒక్క నోటీసు కూడా రాలేదు’ అన్నాడు. వచ్చింది. మూడుసార్లు వచ్చింది. కానీ అది పోస్టుమాన్ తెచ్చిన కాగితం కాదు. పోర్టల్‌లో పెట్టారు. మెయిలూ మెసేజీ నాలుగేళ్ళ క్రితం మానేసిన పాత ఆడిటరు ఫోనుకు వెళ్ళాయి, ఎందుకంటే రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చిన నంబరు, మెయిలు ఆయనవే.

పోర్టల్‌లో పెట్టినా అందజేసినట్టే అని చట్టంలో ఉంది, సెక్షన్ 169 అదే. ‘నేను చూడలేదు’ అనే మాట తనంత తానుగా నిలబడదు. తమిళనాడులో ఇలా నోటీసు చూడక ఆర్డరు పడ్డవాళ్ళు మద్రాసు హైకోర్టుకు చాలామంది వెళ్ళారు. కోర్టు ఎన్నో కేసుల్లో కనికరించి ఆర్డరు కొట్టేసి మళ్ళీ విచారించమని పంపింది. కానీ ఊరికే కాదు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతమో 25 శాతమో ముందు కట్టమని షరతు పెట్టి. పైగా వకీలు ఫీజు. ఒక్క పేజీ జవాబుతో పోయేదానికి ఇది ఎంత ఖరీదు!

కనుక నంబరున్న ప్రతి సభ్యుడూ ఈ వారం రెండు పనులు చేయాలని మేము గట్టిగా చెబుతున్నాం. ఒకటి, పోర్టల్‌లో మీ పేరు మీద ఉన్న ఫోను, మెయిలు ఎవరివో చూడండి. మీవి కాకపోతే నాన్-కోర్ సవరణ కింద మార్చుకోవచ్చు, దానికి ఆఫీసరు అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. మీకు మెయిలు చూసే అలవాటు లేకపోతే మీ కూతురిదో కొడుకుదో పెట్టండి, ఆడిటరుది మాత్రం వద్దు. ఇక్కడే కార్యదర్శి గారితో మేము ఏకీభవించలేకపోయాం. ‘మంచి ఆడిటరును పెట్టుకుని అంతా ఆయనకు అప్పజెప్పండి’ అన్నారు. పని అప్పజెప్పవచ్చు. గుమ్మం అప్పజెప్పకూడదు. ఆడిటరు దగ్గర రెండు వందల మంది ఉంటారు, ఆయనకు మీ నోటీసు రెండు వందల్లో ఒకటి. మీకు అదొక్కటే.

రెండు, నెలకు ఒకసారి లాగిన్ అయి రెండు చోట్లా చూడండి. Services లో User Services లోపల View Notices and Orders ఒకటి, View Additional Notices/Orders ఇంకొకటి. చాలామంది మొదటిదే చూసి ఏమీ లేదనుకుని బయటికి వస్తారు. అసలు చిక్కు తెచ్చేవి రెండోదాంట్లో కూర్చుని ఉంటాయి. నెలకు ఐదు నిమిషాల పని. ఫోన్లో ‘మీకు జీఎస్టీ నోటీసు’ అని వచ్చిన లింకు మాత్రం నొక్కకండి. అది నిజమో కాదో మీ లాగిన్ లోపలే తేలుతుంది.

నోటీసు కనబడితే మొదట చూడాల్సింది అందులోని అంకె కాదు. మనవాళ్ళు అంకె చూసి అక్కడే ఆగిపోతారు. ముందు చూడాల్సింది మూడు: ఏ ఏడాదికి, ఏ ఫారం, జవాబుకు చివరి తేదీ ఎప్పుడు. ASMT-10 అని ఉంటే మీ రిటర్నుల్లో ఏదో తేడా కనబడింది, చెప్పమని అడుగుతున్నారని అర్థం. సాధారణంగా ముప్పై రోజులు ఇస్తారు. జవాబు ASMT-11లో. మీ జవాబు సరిపోతే ASMT-12 ఇచ్చి అక్కడితో మూసేస్తారు. అన్నిటికన్నా చవకగా తేలే మెట్టు ఇదే. ఇక్కడ ఊరుకుంటే అదే విషయం DRC-01గా, అంటే షోకాజ్ నోటీసుగా తిరిగి వస్తుంది. దానికి జవాబు DRC-06. అందులో వ్యక్తిగత విచారణ కావాలా అని ఒక గడి ఉంటుంది, అవునని పెట్టండి. పుస్తకం చేత పట్టుకుని ఎదురుగా కూర్చుంటే తేలేవి చాలా ఉంటాయి. నోటీసులో అడిగిన పన్ను నిజంగా మనం కట్టాల్సిందే అయితే, మోసం ఆరోపణ లేని మామూలు కేసులో 2023-24 దాకా సంవత్సరాలకు, నోటీసు వచ్చిన ముప్పై రోజుల్లో వడ్డీతో సహా కట్టేస్తే జరిమానా ఉండదు. ఇది తెలియక ఎంతమంది గడువు దాటాక కట్టి 10 శాతం అదనంగా పోగొట్టుకుంటున్నారో.

గడువులోగా కాగితాలు దొరకకపోతే? గడువు ముగిసే ముందే ఎందుకు సమయం కావాలో కారణం రాసి అడగాలి. కారణం సరైనదైతే వాయిదా ఇవ్వవచ్చు, మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని చట్టమే అంటుంది. అడగకుండా ఊరుకున్నవాడికి మొదటి వాయిదా కూడా ఉండదు. దొరికిన కాగితాలతో సగం జవాబైనా పంపి, మిగతాది ఫలానా తేదీకి ఇస్తాననడం ఏమీ పంపకపోవడం కన్నా ఎంతో నయం. పోర్టల్‌లో పంపితే ఏఆర్ఎన్ నంబరు వస్తుంది, రాసుకోండి. నంబరు లేనివాళ్ళు ఆఫీసులో చేతికిస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా మెట్లు దిగకండి.

DRC-07 ఆర్డరు వచ్చేసిందంటే దారి అప్పీలు. ఆర్డరు అందిన రోజు నుంచి మూడు నెలలు. జనవరి 10న అందితే ఏప్రిల్ 10. సరైన కారణం చూపితే ఇంకో నెల, అంటే మే 10. ఆ తర్వాత అప్పీలు అధికారికి మన్నించే అధికారం లేదు, మంచివాడైనా లేదు. అప్పీలు వేయడానికే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టాలి. బోర్డు మీది అంగడికి 11 లక్షల ఆర్డరు పడి ఉంటే, ‘నాది 3 లక్షలే’ అని చెప్పుకోవడానికే లక్షకు పైగా కట్టి నిలబడాలన్నమాట.

పుస్తకాల విషయం. రిజిస్టరైనవాళ్ళు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. 2021-22కు వార్షిక రిటర్ను గడువు 2022 డిసెంబరు 31. అంటే ఆ పుస్తకాలు 2028 డిసెంబరు 31 దాకా ఉండాలి. ఆ ఏడాది మీద కేసు నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది దాకా. సంక్రాంతికి ఇల్లు సర్దుతూ పాత పుస్తకాలు కిలోల లెక్కన పాతపేపర్ల వాడికి వేసే అలవాటు మనవాళ్ళలో ఉంది. భోగి మంటలో వేసినవాళ్ళనూ చూశాం. ఇకనుంచి అట్టపెట్టె మీద ఏడాది, పారేయదగిన తేదీ పెద్ద అక్షరాల్లో రాసి అటక మీద పెట్టండి. రిజిస్టరు కానివాళ్ళకు ఈ నియమం వర్తించకపోయినా, జులైలో వాళ్ళనే నాలుగేళ్ళ వెనక్కి వెళ్ళి అడిగారన్నది మరవద్దు. డీలర్లు మిషన్లోంచి తీసి ఇచ్చే మెరిసే కాగితం బిల్లు ఏడాది తిరిగేసరికి తెల్లకాగితమవుతుంది. వచ్చిన రోజే ఫొటో తీయండి, లేదా జెరాక్స్ తీసి పిన్ను కొట్టండి. ప్రతి ఏప్రిల్లో బ్యాంకు నుంచి పోయిన ఏడాది స్టేట్‌మెంటు మొత్తం తీసుకుని పెట్టుకోండి. ఫోను యాప్‌లో పాతవి ఎప్పటికీ ఉంటాయని నమ్ముకోవద్దు.

అన్నిటికన్నా పనికొచ్చేది చిన్న పని. అంగడికి ఒక ఖాతా, ఒక క్యూఆర్ కోడ్. ఇంటికి వేరే ఖాతా. చీటీ, చేబదులు, పిల్లల జీతం ఏదీ అంగడి ఖాతా తొక్కకూడదు. ఇదొక్కటి చేసి ఉంటే బోర్డు మీది 10 లక్షల 40 వేలలో ఎక్కువ భాగం నోటీసులోకే వచ్చేది కాదు.

రాత్రి అంగడి మూసేటప్పుడు ఒక వరస రాయండి: తేదీ, యూపీఐ అమ్మకం, నగదు అమ్మకం, అందులో పాలు కూరగాయలు ఎంత, క్యాష్ మార్చి ఇచ్చింది ఎంత. తెలుగులోనే రాయండి. మన తాతలు చిట్టా ఆవర్జాలు ఈ కన్నడ ఊళ్ళలో కూర్చుని తెలుగులోనే రాశారు, వాటి అట్టలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి. ఆఫీసరుకు చూపాల్సి వస్తే నెల మొత్తాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఒక పేజీ చేసి పైన పెడితే సరిపోతుంది. లెక్క రాయకపోవడానికి కన్నడం రాకపోవడం కారణం కాదు.

చివరగా సంఘం చేయగలిగింది. కన్నడం, ఇంగ్లీషు బాగా చదవగలిగిన పిల్లలు మనలో నలుగురైదుగురు ఒప్పుకున్నారు. నెలలో రెండో ఆదివారం పది నుంచి పన్నెండు దాకా హాల్లో కూర్చుంటారు. వాళ్ళు ఆడిటర్లు కారు, జవాబు రాయరు. మీ నోటీసు చదివి ఏ ఏడాది, ఏ ఫారం, చివరి తేదీ ఎప్పుడో మీ పుస్తకం అట్ట మీద రాసి ఇస్తారు, రెండు ట్యాబులూ తెరిచి చూపిస్తారు. పాస్‌వర్డు వాళ్ళకు చెప్పకండి, మీరే కొట్టండి. వచ్చేటప్పుడు నోటీసు, గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, ఉన్నంతవరకు కొనుగోలు బిల్లులు తెచ్చుకోండి. పులిహోర ఈసారి పన్నెండు తర్వాతే వడ్డిస్తామని వంటవాళ్ళతో మాట్లాడి పెట్టాం.